ఒక్క ఇటుకను పట్టుకుని ఆల్బమ్ మొత్తం చదవడం ఎలా: ‘ద వాల్’తో మొదటి నుంచి చివరిదాకా

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద గదిలో ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మందిమి కూర్చుని పాటలు వింటాం. విడి పాటలు కాదు, ఆల్బమ్‌లు. మొన్నామధ్య ‘ద వాల్’ వింటుంటే యూనివర్సిటీలో చదివే ఒక కుర్రాడు విసుగ్గా అడిగాడు. “అన్నా, గోడ గోడ అని సగం పాటల్లో వస్తానే ఉంది. అంతమాత్రాన ఇది కథ ఎట్లయింది? మాట తిరిగొస్తే కథయిపోతుందా?”

కాదు. తిరిగొచ్చినంత మాత్రాన కథ కాదు. పల్లవి కూడా తిరిగొస్తుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మారితే, ఆ మార్పులకు ఒక వరుస ఉంటే, అప్పుడది కథ. ఆ మార్పుల్ని పట్టుకోవడం ఎలాగో ఇక్కడ అడుగడుగునా రాస్తున్నాను. చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి, ఇకమీదట వాళ్లకు ఇదే పంపిస్తాను.

ఉదాహరణకు తీసుకున్నది ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1979లో తెచ్చిన ‘ద వాల్’. రెండు రికార్డులు, నాలుగు వైపులు, 26 పాటలు, 80 నిమిషాల పైచిలుకు. పాటలు ఎక్కువగా ఆ బృందంలోని రోజర్ వాటర్స్ రాశాడు. కథానాయకుడి పేరు పింక్, తన చుట్టూ గోడ కట్టుకునే ఒక రాక్ గాయకుడు. సాహిత్యం చదివినవాళ్లు పదచిత్రం, ప్రతీక అంటారు గానీ, నేను మా గదిలో అన్నట్టే ‘బొమ్మ’ అంటాను. మనసులో కనబడే బొమ్మ.

1. కూర్చునే ముందు

ఫోన్‌లో వినేవాళ్లు మొదట సెట్టింగ్స్ సరిచేసుకోవాలి. నేను మొదటిసారి ఈ ఆల్బమ్‌ను షఫుల్‌లో విన్నాను, అదీ తెలియకుండా. కోర్టు సీను ముందొచ్చింది, చిన్నపిల్లాడి ఏడుపు తర్వాతొచ్చింది. “ఎంత గొప్ప ప్రయోగం!” అని నలుగురికీ చెప్పుకుని తిరిగాను. ఆ పరువు తక్కువ పని మీరు చేయొద్దు.

- షఫుల్ ఆఫ్. ఒక పాట మీదికి ఇంకో పాటను జరిపే క్రాస్‌ఫేడ్ సున్నా.
- మధ్యలో యాడ్స్ వచ్చే చోట వినొద్దు. ఈ ఆల్బమ్‌లో పాటకూ పాటకూ మధ్య ఉన్న శబ్దాలు కూడా కథలో భాగమే.
- హెడ్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్‌లో వెనకాల నడిచే ఫోన్ రింగు, టీవీ గోల, మాటలు వినబడవు.
- ఇంగ్లీషులో పాటల మాటలు, కాగితం మీద. తెలుగు సారాంశం చాలదు. ఎందుకో నాలుగో అడుగులో చెబుతాను.
- ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు.

ఇంకో పని. పాటల జాబితాలో 6, 13, 19 తర్వాత గీతలు గీయండి. అవి పాత రికార్డు తిప్పి పెట్టాల్సిన చోట్లు. ఫోన్‌లో ఆ ఆగుళ్లు కనబడవు. కానీ రాసినవాళ్లు వాటిని లెక్కలో పెట్టుకునే రాశారు. 26 పాటల్లో సరిగ్గా సగం, అంటే 13వ పాటతో మొదటి రికార్డు అయిపోతుంది. గోడ పూర్తయ్యేది కూడా అక్కడే. ఆ గీత గీయకపోతే ఈ సంగతి ఎవరి కంటా పడదు.

2. మొదటిసారి పెన్ను ముట్టొద్దు

ఒక్కో వైపూ ఇరవై నిమిషాలు. విని, లేచి, మంచినీళ్లు తాగి, మళ్లీ కూర్చోండి. మాటల కాగితం బోర్లించి పెట్టండి. ఈ విడతలో చేయాల్సింది ఒక్కటే. అయిపోయాక, కాగితం చూడకుండా, మనసులో మిగిలిన బొమ్మలు ఐదు రాయండి. ఆరు వద్దు.

మా గదిలో అందరి కాగితాల్లోనూ ఉన్నవి గోడ, ఫోన్, పురుగులు. కొందరు విమానం రాశారు. ఒకావిడ ‘మంచు’ అని రాసింది. రెండో పాటలో పల్చటి మంచు మీద స్కేటింగ్ చేస్తుంటే కాలికింద పగుళ్లిచ్చే బొమ్మ ఉంది, చాలా బలమైనది. అయినా దాన్ని పక్కన పెట్టించాను. ఆమెకు కోపమొచ్చింది. ఆ సంగతి కింద ఉంది.

3. పనికొచ్చే బొమ్మను ఏరడం

బొమ్మ అందంగా ఉందా అన్నది ప్రశ్న కాదు. ఈ మూడు చూడండి:

- కనీసం మూడు పాటల్లో వచ్చిందా? అవి ఆల్బమ్‌లో దూరదూరంగా ఉన్నాయా?
- ప్రతిసారీ చెప్పే మనిషిగానీ, అది చేసే పనిగానీ, దాని రూపంగానీ మారిందా?
- కథలో మలుపు తిరిగే చోట అది అక్కడ ఉందా?

మంచు బొమ్మ మొదటి ప్రశ్నకే ఆగిపోయింది. ఆ పాటను అది బ్రహ్మాండంగా నిలబెడుతుంది, కానీ తర్వాత ఎక్కడా మాటల్లో తిరిగి రాదు. ఒక పాటకు దీపం, ఆల్బమ్‌కు దారం కాదు. గోడ మూడింటికీ నిలిచింది. ఫోన్, పురుగులు కూడా నిలిచాయి గానీ, అవి గోడకు చుట్టాలు. పెద్ద బొమ్మ ఒక్కటే ఉండాలి. రెండు పెట్టుకుంటే విశ్లేషణ రెండు కాళ్లూ రెండు పడవల్లో పెట్టినట్టు అవుతుంది.

4. బొమ్మ వెంట నడవడం

అసలు పని ఇదే. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. నోట్‌బుక్‌లో పేజీని నాలుగు నిలువు గళ్లు చేయండి: *పాట నంబరు, ఎవరు ఎవరితో అంటున్నారు, బొమ్మ ఏం చేస్తోంది, గతసారి కంటే ఏం మారింది*. నాలుగో గడి ఖాళీగా మిగిలితే మీరింకా వినలేదని అర్థం.

ఇంగ్లీషు మాటలే ఎందుకంటే, ఈ ఆల్బమ్‌లో మార్పులు చాలావరకు చిన్న చిన్న మాటల్లో దాక్కుని ఉన్నాయి. ‘ద వాల్’ అన్నా, ‘ఎ వాల్’ అన్నా మనకు గోడే. తెలుగులో రాసుకోగానే ఆ తేడా ఎగిరిపోతుంది. ‘మై వాల్’ను కూడా ‘గోడ’ అని సర్దేస్తాం. దానికి తలకిందులు, ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే. తెలుగులోకి తేవాలంటే నువ్వా, మీరా అని తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడం మనకు మంచి పనిముట్టు. ప్రతి ‘యు’ దగ్గరా ఆగి, ఇక్కడ నేనైతే ఏం పెడతానని అడగండి. మాట ఎవరికి తగులుతోందో బయటపడుతుంది.

నా నోట్‌బుక్‌లోంచి కొన్ని గళ్లు ఇక్కడ విప్పి రాస్తున్నాను.

*3వ పాట, అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్ మొదటి భాగం.* తండ్రి సముద్రం దాటి యుద్ధానికి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. మిగిలింది ఒక జ్ఞాపకం, ఇంట్లోని ఫొటోల ఆల్బమ్‌లో ఒక ఫొటో. చివర్లో ఇదంతా గోడలో ఒక ఇటుకే అంటాడు. ఇక్కడ సర్వనామం ‘ఇట్’. ఇటుక అంటే మనిషి కాదు, జరిగిన సంగతి. గోడను ఎవరు కడుతున్నారో చెప్పలేదు. దానంతటది లేస్తున్నట్టుంది.

*5వ పాట, రెండో భాగం.* అందరికీ తెలిసిన పాట, బడిపిల్లల బృందం పాడేది. చాలామంది దీన్ని విడిగా విని, చదువుల మీద తిరుగుబాటు పాట అనుకుని అక్కడే ఆగిపోతారు. చివరి రెండు లైన్లు జాగ్రత్తగా వినండి. మొదటి దాంట్లో ‘ఇట్’, రెండో దాంట్లో ‘యు’. సంగతి మనిషైపోయింది. తెలుగులో నేను ‘నువ్వు’ పెట్టాను. ఎందుకంటే అప్పుడే ఎదురుగా ఉన్న టీచర్‌ను పేరుపెట్టి పిలిచినట్టుంది. మనిషిని ఇటుకగా చూడటం పింక్ ఇక్కడే నేర్చుకున్నాడు.

*6వ పాట, మదర్.* గోడ కట్టమంటావా అమ్మా అని కొడుకు అడుగుతాడు. నా భయాలన్నీ నీలో పెడతాను, గోడ కట్టడానికి సాయం చేస్తాను అంటుంది తల్లి. మొదటిసారిగా గోడకు మేస్త్రీ దొరికాడు, అతనే. అనుమతి అడిగి మరీ కట్టుకుంటున్నాడు. పాట ఆఖరి లైనులో ఇంకో ప్రశ్న ఉంది, ఇంత ఎత్తు అవసరమా అని. అది భూతకాలంలో ఉంది. అంటే పాట మొదలైనప్పుడు కట్టాలా వద్దా అన్న గోడ, పాట ముగిసేసరికి లేచి నిలబడింది. ఈ ఒక్క క్రియాపదం కోసం మా గదిలో పాటను నాలుగుసార్లు వెనక్కి తిప్పాం.

*8వ పాట, ఎంప్టీ స్పేసెస్.* కట్టాలా అన్న ప్రశ్న పోయింది. మిగిలిన ఖాళీల్ని దేనితో నింపాలి, గోడ ఎలా పూర్తి చేయాలి అని అడుగుతున్నాడు. ఖాళీ అంటే ఒకప్పుడు మాట్లాడుకున్న చోటు. ఇక్కడ నేను ఎర్ర పెన్నుతో గీత పెట్టాను: ఇటుకలు గాయాల వల్ల వచ్చాయి, చివరి ఖాళీలు మాత్రం మౌనం వల్ల.

*12వ పాట, మూడో భాగం.* ఎవరి చేతులూ నా చుట్టూ అక్కర్లేదు, మందులూ అక్కర్లేదు అంటాడు. చివర్లో ‘యు’ మళ్లీ వస్తుంది, కానీ ‘ఆల్’తో కలిసి. ఇప్పుడు ‘నువ్వు’ కుదరదు, ‘మీరంతా’ అనాల్సిందే. తండ్రి, టీచర్, తల్లి, భార్య అందరూ ఒకే అచ్చులో పోసిన ఇటుకలయ్యారు. ఇదే పాటలో గోడ మీద రాత చూశాననే మాట ఒకటుంది. ఇంగ్లీషులో అది జాతీయం, చేటు దగ్గర పడిందని అర్థం. కవి దాన్ని తెచ్చి నిజమైన గోడ పక్కనే నిలబెట్టాడు. తెలుగు సారాంశంలో ఈ రెండో గోడ కనబడే అవకాశమే లేదు.

*14వ పాట, హే యు.* రికార్డు మారింది. ఇప్పుడు గోడ లోపలి నుంచి గొంతు వినబడుతోంది, బయటివాళ్లను పిలుస్తోంది. మధ్యలో ఉన్నట్టుండి ‘నేను’ పోయి ‘అతను’ వస్తుంది. గోడ మరీ ఎత్తు, అతను బయటపడలేకపోయాడు, పురుగులు మెదడు తొలిచేశాయి అని ఇంకెవరో చెబుతున్నట్టుంటుంది. తన గురించి తానే మూడో మనిషిలా చెప్పుకునే స్థితికొచ్చాడు.

ఇదే పాటలో రాయి మోయడానికి సాయం పడతావా అనే మాట ఉంది. ఈ రాయి ఇటుకేనా? మాలో సగం మంది అవునన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. గడిలో ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. అలాంటివి రెండు మూడు ఉండటం మంచిదే. అన్నీ అతికిపోతే అనుమానించాలి.

*23వ పాట, వెయిటింగ్ ఫర్ ద వర్మ్స్.* ఇన్నాళ్లూ ‘ద వాల్’ అన్నవాడు ఇక్కడ ‘మై వాల్’ అంటాడు. నా గోడ వెనక, పూర్తి ఏకాంతంలో, పురుగుల కోసం ఎదురుచూస్తున్నాను అని. అదే పాటలో మెగాఫోన్‌లో నాయకుడి అరుపులు వినబడతాయి. గోడ ‘నాది’ అయిన క్షణంలోనే మనిషి క్రూరుడయ్యాడు. నాకైతే ఆల్బమ్ మొత్తంలో అసలు మలుపు ఇదే. సోలో గిటార్ ఉన్న 19వ పాటను అందరూ శిఖరం అంటారు. సంగీతానికి అది శిఖరం కావచ్చు, బొమ్మకు కాదు.

*25వ పాట, ద ట్రయల్.* కోర్టు. సాక్షులుగా వచ్చేది ఎవరు? టీచర్, భార్య, తల్లి. ఇటుకలే మనుషులై తిరిగొచ్చారు. మొదటి ఇటుక అయిన తండ్రి మాత్రం రాడు, రాలేడు. జడ్జి గోడ కూల్చమంటాడు. అంతకుముందు పింక్ నోటి నుంచి వచ్చే మాట ఒకటుంది: నేను లోపలికి వచ్చినప్పుడు ఈ గోడలో తలుపు ఉండే ఉండాలి కదా అని. తలుపు మాట ఇక్కడ వచ్చిందని రాసి, కింద గీత పెట్టండి. చివరి అడుగులో కావాలి.

*26వ పాట, అవుట్‌సైడ్ ద వాల్.* ఇప్పుడు చెప్పే గొంతు బయట ఉంది. నిజంగా ప్రేమించేవాళ్లు గోడ బయట పచార్లు చేస్తుంటారు, ఎవడో పిచ్చివాడి గోడకు గుండె బాదుకోవడం తేలిక కాదు అంటుంది.

గళ్లన్నీ నిండాక నాలుగో నిలువు వరుసను మాత్రమే పైనుంచి కిందికి చదవండి. జరిగిన సంగతి, మనిషి, నేను కట్టనా, ఎలా పూర్తిచేయను, మీరంతా, అతను, నా గోడ, పిచ్చివాడి గోడ. గోడ యజమాని మారుతూ వచ్చాడు. మొదట ఎవరిదీ కాదు, తర్వాత అతనిదే, చివరికి బయటివాళ్ల కళ్లలో ఎవడో పిచ్చివాడిది. కథ ఈ వరుసలో ఉంది.

5. మాట లేని చోట బొమ్మ

ఫోన్‌లో ‘వాల్’ అని వెతికి, వచ్చినవి లెక్కపెట్టి, విశ్లేషణ అయిపోయిందనుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. 13వ పాటలో గోడ పూర్తవుతుంది. ఆ పాటలో గోడ అనే మాటే లేదు. సెలవు, సెలవు, సెలవు అంటూ చాలా చిన్న పాట. ఆఖరి మాట తర్వాత శబ్దం టక్కున ఆగిపోతుంది. ఆ ఆగడమే చివరి ఇటుక. వెతికితే దొరకదు, వింటేనే దొరుకుతుంది.

19వ పాట కంఫర్టబ్లీ నమ్‌లోనూ గోడ మాట లేదు. డాక్టర్ ఇంజెక్షన్, చిన్నప్పటి జ్వరం, చేతులు బెలూన్లలా ఉబ్బినట్టు అనిపించడం. మొద్దుబారడం. గోడ ఇప్పుడు చర్మంలోకి వచ్చేసింది. 24వ పాటలో ఇంటికెళ్లాలని ఉంది, ఈ గదిలో ఎదురుచూస్తున్నాను అంటాడు. ఆ గది జైలు గది. కాపాడుకోవడానికి కట్టుకున్న గోడ ఖైదు గోడ అయింది.

అయితే ఇలాంటి చోట్ల హద్దు తప్పొద్దు. మాట లేని చోట బొమ్మ ఉందనాలంటే కనీసం ఒక ఆధారం చూపించాలి:

- వరుసలో ముందున్న పాట దాన్ని నేరుగా చెప్పి ఉండాలి. 13కు ముందు 8, 12 ఉన్నాయి.
- లేదా శబ్దం చెప్పాలి. టక్కున ఆగడం, కూలిన చప్పుడు, రింగు.
- రెండూ లేకపోతే వేరే రంగు పెన్నుతో ‘నా ఊహ’ అని రాయండి.

17, 18 పాటల్లో యుద్ధం, సైనికులు తిరిగి రావడం ఉన్నాయి. అక్కడ గోడను దూర్చొద్దు. అవి తండ్రి బొమ్మకు సంబంధించినవి. గడి ఖాళీగా వదిలేయండి.

6. చుట్టపు బొమ్మలు

పెద్ద బొమ్మ తేలాక మిగతావి దానితో ఏం చేస్తున్నాయో చూడండి. ఫోన్ తీసుకుందాం. 9వ పాట చివర్లో విదేశంలో ఉన్న పింక్ ఆపరేటర్ ద్వారా ఇంటికి ఫోన్ చేస్తాడు. ఎవరో మగమనిషి ఎత్తి పెట్టేస్తాడు. ఆపరేటర్‌కు అర్థం కాదు, అతనికి అర్థమవుతుంది. 16వ పాటలో తను ఫోన్ చేసినా ఇంట్లో ఎవరూ ఉండరని అతనికి ముందే తెలుసు. ఆ తర్వాత ఫోన్ ఊసే లేదు.

ఫోన్ గోడలో ఉన్న చివరి కన్నం. 9లో అది మూసుకుపోయింది, 16లో మూసుకుపోయిందని ఒప్పుకున్నాడు. చుట్టపు బొమ్మ ఇలా పెద్ద బొమ్మకు చిల్లు పెట్టాలి, లేదా అడ్డం పెట్టాలి. పక్కన ఊరికే నిలబడితే వదిలేయండి.

పురుగులది దీనికి తలకిందులు. 14లో అవి అతన్ని తింటాయి. 23లో అతనే వాటి కోసం ఎదురుచూస్తాడు. 25లో జడ్జినే పురుగు అని పిలుస్తారు. మూసిన గదిలో కుళ్లు పెరిగి తీర్పు చెప్పే స్థాయికి వచ్చింది.

7. ఒక్క వాక్యం రాయడం

ఇప్పుడు ఆల్బమ్ కథను, బొమ్మ పేరు ఉండేలా, ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం తప్పయ్యే అవకాశం ఉండాలి. “గోడ ఒంటరితనానికి ప్రతీక” అనేది ఎప్పుడూ తప్పు కాదు, అందుకే పనికిరాదు. ప్రపంచంలో ఏ గోడకైనా అతుకుతుంది.

నేను మొదట రాసుకున్నది ఇది: *ఇతరులు చేసిన గాయాలతో లేచిన గోడను పింక్ తనదిగా ఒప్పుకున్నాక క్రూరుడవుతాడు, ఆ గోడ కూలితేనే బయటపడతాడు.* దీన్ని కాదనొచ్చు. 23 కంటే ముందు ‘మై వాల్’ ఎక్కడైనా ఉంటే ఇది పడిపోతుంది. వెతికాను, లేదు. చివరి సగం మీద మాత్రం నాకు తర్వాత అనుమానం వచ్చింది.

8. తారుమారు పరీక్ష

వాక్యం నిలబడుతుందో లేదో తేల్చడానికి రెండు పాటల స్థానాలు మార్చి ఊహించుకోండి. అనదర్ బ్రిక్ మూడో భాగాన్ని రెండో భాగం చోట పెట్టండి. బడిలో ఉన్న పిల్లవాడు ‘మీరంతా ఇటుకలే’ అంటాడు. ఎవరంతా? అప్పటికి ఇంకా తల్లి పాట రాలేదు, భార్య రాలేదు. కథ కుప్పకూలింది. అంటే వరుస అవసరమే.

ఇదే పరీక్ష ఎక్కడ పనిచేయదో కూడా తెలుసుకోవాలి. మా ఊరివాళ్లు మొదట అడిగేది అన్నమయ్య గురించే. రాగిరేకుల మీది సంకీర్తనల్లో కొండ, పడుచు, వేసంగి, పూదండ ఎన్నిసార్లు తిరిగొస్తాయో లెక్కలేదు. కానీ ఆ కీర్తనల స్థానాలు మార్చినా ఒక్కోటి తన అర్థంతో తాను నిలబడుతుంది. అవి ఒకే కథలో ఘట్టాలుగా పేర్చినవి కావు. సినిమా పాటలకు వేరే ఇబ్బంది. అక్కడ బొమ్మను నడిపించేది సీను, పాట వరుస కాదు. ఈ పద్ధతితో వాటిని చదివితే లేని కథ కనబడుతుంది.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*సినిమాను ఆల్బమ్‌లో కలిపేయడం.* ఇదే కథతో 1982లో సినిమా వచ్చింది. కవాతు చేసే సుత్తులు గుర్తున్నవాళ్లు అవి ప్రతి పాటలోనూ ఉన్నాయనుకుంటారు. ఆల్బమ్‌లో సుత్తి వినబడేది 22వ పాటలో ఒక మాటగా, 23వ పాట చివర గుంపు అరుపుల్లో, దాదాపు అంతే. పైగా హే యు పాట సినిమాలో లేదు. అది లేకుండా గోడ లోపలి గొంతు ఎలా మొదలైందో తెలియదు. సవరణ: ఆల్బమ్ గళ్లు పూర్తయ్యేదాకా సినిమా చూడొద్దు. చూసినవాళ్లు ప్రతి గడి పక్కనా ‘విన్నానా, చూశానా’ అని రాసుకోండి.

*కవి జీవితాన్ని తాళంచెవిగా వాడటం.* 1977లో మాంట్రియల్ కచేరీలో వాటర్స్ గొడవ చేస్తున్న ఒక అభిమాని మీద ఉమ్మాడు. తనకూ జనానికీ మధ్య గోడ కట్టాలన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. ఆయన తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. రెండూ నిజమే. బొమ్మ ఎక్కడ పుట్టిందో అవి చెబుతాయి, 6వ పాటలో క్రియ భూతకాలంలో ఎందుకుందో చెప్పవు. సవరణ: జీవితం సంగతులకు చివరి పేజీలో వేరే చోటు ఇవ్వండి. అవి తీసేసినా వాక్యం నిలబడాలి.

*మన గోడను తెచ్చి అక్కడ పెట్టడం.* మాలో ఒకతను చంద్రగిరి కోట గోడను తలుచుకుంటూ రెండు పేజీలు రాశాడు. గోడంటే రక్షణ, శత్రువును ఆపేది, బలం. చదవడానికి బాగుంది. కానీ కోట గోడకు దర్వాజా ఉంటుంది, లోపల ఊరుంటుంది. పింక్ గోడ లోపల ఒక్కడే ఉన్నాడు, తలుపు ఎక్కడుందో వాడికే తెలియదు. గోడకు చెప్పుకోవడం, గోడలకు చెవులు అనేవి కూడా మనవే. సవరణ: మీ మనసులో లేచిన గోడను ఒక పక్క రాయండి, ఆల్బమ్ గోడను ఇంకో పక్క. తేడా ఉన్న చోటే ఆల్బమ్ ఏం చెబుతోందో తెలుస్తుంది. కోట గోడ పుణ్యమా అని మాకు తలుపు లేని సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది.

*పాటల మాటల సైట్లను నమ్మేయడం.* ‘ఇట్’కు బదులు ‘యు’ అని టైపు చేసినవి ఉంటాయి. ఈ పద్ధతిలో ఆ ఒక్క మాట తప్పయితే మొత్తం తప్పు. సవరణ: నాలుగో గడిలో రాసిన ప్రతి మార్పునూ చెవితో ఒకసారి సరిచూడండి.

*పేర్లను వదిలేయడం.* మొదటి పాట పేరు ఇన్ ద ఫ్లెష్, చివర ప్రశ్నార్థకంతో. 21వ పాటకూ అదే పేరు, ప్రశ్నార్థకం లేదు. ఒక గుర్తు చెరిపేసి ఎంత చెప్పారో చూడండి. పాటల జాబితాను కూడా ఒక పాటలాగే చదవాలి.

రాసింది ఎవరికైనా ఇచ్చే ముందు:

- ప్రతి గడిలో ‘ఏం మారింది’ నిండిందా?
- నా ఊహలు వేరే రంగులో ఉన్నాయా?
- అతకని పాటలు అతకలేదనే రాశానా?
- వాక్యం ఎక్కడ పడిపోవచ్చో నాకు తెలుసా?

10. చివరిది: రిపీట్ ఆన్ చేయండి

ఇప్పటిదాకా ఆల్బమ్ అయిపోగానే ఆపేశారు. ఈసారి 26వ పాట పెట్టి, ఆల్బమ్ రిపీట్ ఆన్ చేసి, సౌండ్ పెంచి కూర్చోండి.

26వ పాట చివర్లో మెల్లగా ఒక గొంతు వాక్యం మొదలుపెట్టి, మధ్యలో తెగిపోతుంది. ఇది మనం... అన్నట్టుగా. ఫోన్ మళ్లీ మొదటి పాటకు వెళ్తుంది. హోరు మొదలయ్యే ముందు, సన్నగా, అదే చివరి పాట బాణీ వినబడుతుంది. దాని మీద అదే గొంతు, ఆ వాక్యంలో మిగిలిన సగం. రెండూ కలిపితే: మనం లోపలికి వచ్చింది ఇక్కడి నుంచే కదా?

25వ పాటలో గీత పెట్టిన మాట ఇప్పుడు తీయండి. నేను లోపలికి వచ్చినప్పుడు గోడలో తలుపు ఉండే ఉండాలి. అదే ‘లోపలికి రావడం’. పింక్ వెతికిన తలుపు ఆల్బమ్ చివరకూ మొదలుకూ మధ్య ఉన్న ఆ అతుకు. అది బయటికి తెరుచుకునే తలుపు కాదు, మళ్లీ మొదటి ఇటుక దగ్గరికే తెస్తుంది.

మా గదిలో ఇది మొదట విన్నది ఆ విసుక్కున్న కుర్రాడే. “అన్నా, మళ్లా మొదలైంది” అన్నాడు, ఫోన్ పాడైందేమో అన్నట్టు చూస్తూ.

నేను నోట్‌బుక్ తీసి ఏడో అడుగులో రాసిన వాక్యం రెండో సగం కొట్టేశాను. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: *ఆ గోడ కూలుతుంది, కానీ కూలిన చోటే మొదటి ఇటుక మళ్లీ పడుతుంది.*